50×5 పట్టీతో గసెట్ ఉన్న షెల్ఫ్ బ్రాకెట్: కోత నుంచి వెల్డింగ్ దాకా

ఇక్కడ చేయబోయేది ఒక జత బ్రాకెట్లు. షెల్ఫ్ కింద ఉండే చేయి 250 మి.మీ., గోడకు ఆనే కాలు 200 మి.మీ. రెండూ ఒకే పట్టీని వంచి చేసినవే. వంపు లోపల, వెడల్పుకు సరిగ్గా మధ్యలో, ఒక త్రికోణపు గసెట్ నిలువుగా నిలబడుతుంది. ఒక్కో బ్రాకెట్ మీద 50 కిలోల బరువు చేయి పొడవునా సమానంగా పడుతుందని లెక్క వేసుకుందాం.

ముందు గసెట్ ఎందుకో చూడండి. 50 కిలోలంటే సుమారు 500 న్యూటన్లు. అది చేయి మధ్యలో, అంటే గోడకు 125 మి.మీ. దూరంలో పనిచేస్తున్నట్టు లెక్క. వంపు దగ్గర పట్టీని వంచే మొమెంట్ 62.5 న్యూటన్ మీటర్లు. 50 వెడల్పు, 5 మందం ఉన్న పట్టీలో ఈ మొమెంట్‌కు పుట్టే ఒత్తిడి 300 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీల్ దాదాపు 250 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. అంటే గసెట్ లేకపోతే ఈ బ్రాకెట్ విరగదు గానీ, షెల్ఫ్ ముందుకు వాలిపోయి అలాగే ఉండిపోతుంది. గసెట్ పెట్టాక పట్టీ ఒంటరిగా బరువు మోయాల్సిన చోటు గోడ దగ్గర నుంచి గసెట్ కొసకు, అంటే సుమారు 95 మి.మీ. ముందుకు జరుగుతుంది. అక్కడ ఒత్తిడి 115కి పడిపోతుంది. సగానికి సగం మిగులు.

అయితే గసెట్ ఇనుమును గట్టి చేస్తుందే తప్ప గోడలోంచి మరను లాగే బలాన్ని ఒక్క కిలో కూడా తగ్గించదు. ఆ బలాన్ని తగ్గించేది పై రంధ్రం ఎంత ఎత్తులో ఉందన్నదే. బ్రాకెట్ కాలి కింది అంచును గోడకు అదిమి, పై మరను బయటికి లాగుతుంది. పై రంధ్రం పై నుంచి 40 మి.మీ. దిగువన ఉంటే, కింది అంచుకు దూరం 160 మి.మీ.; లాగుడు 390 న్యూటన్లు, అంటే దాదాపు 40 కిలోలు. గసెట్ అడ్డమొస్తోందని అదే రంధ్రాన్ని గసెట్ కిందికి, 120 మి.మీ. దగ్గరికి దించితే దూరం 80కి తగ్గి, లాగుడు సరిగ్గా రెట్టింపవుతుంది. చాలా బ్రాకెట్లు గోడ నుంచి ఊడి రావడానికి కారణం ఇదే. మధ్యలో గసెట్ ఉంది కాబట్టి మధ్య గీత మీద పైన రంధ్రం వేయలేం. అందుకే పైన గసెట్‌కు ఇటొకటి అటొకటి, రెండు రంధ్రాలు వేస్తాం. 40 పట్టీ కాకుండా 50 పట్టీ తీసుకోవడానికి ఇదే అసలు కారణం.

కావలసినవి

రెండు బ్రాకెట్లకు 50×5 పట్టీ 900 మి.మీ. చాలు. గసెట్ల కోసం 100×5 పట్టీ 100 మి.మీ. ముక్క ఒకటి. ఆ చదరాన్ని ఐమూలగా కోస్తే రెండు గసెట్లు వస్తాయి. వెల్డింగ్‌కు 2.5 మి.మీ. E6013 రాడ్లు ఎనిమిది ఉంచుకోండి. బ్రాకెట్లకు నాలుగు పడతాయి, మిగిలినవి తుక్కు ముక్కల మీద చెయ్యి కుదుర్చుకోవడానికి. జింకు పూత వేసిన పట్టీ వద్దు. వెల్డింగ్ వేడికి జింకు పొగై, పీల్చినవాళ్లకు చలిజ్వరం తెప్పిస్తుంది, వెల్డ్‌లో బుడగలూ మిగులుతాయి.

కొలత, కోత

250, 200 కలిపి 450 అని 450 మి.మీ. కోస్తే బ్రాకెట్ పెద్దదవుతుంది. వంపు దగ్గర పట్టీ మూల దాకా వెళ్లకుండా అడ్డదారిలో తిరుగుతుంది కదా, ఆ మేరకు తగ్గించాలి. లోపలి వంపు వ్యాసార్ధం 5 మి.మీ. ఉంటే 5 మందం పట్టీకి తగ్గింపు సుమారు 9 మి.మీ. కాబట్టి ఒక్కో ముక్క 441 మి.మీ. కోయండి.

కోసిన ముక్క మీద కాలి కొస నుంచి 190 మి.మీ. దగ్గర మూలమట్టం పెట్టి అడ్డంగా గీత గీయండి. వంపు మొదలయ్యేది ఇక్కడే. ఆ తర్వాత 11 మి.మీ. వంపులో పోతుంది, మిగిలిన 240 చేయి అవుతుంది. వంగాక మూల మందం కలిసి బయటి కొలతలు 200, 250 వస్తాయి. గీత సుద్దతో కాదు, స్క్రైబర్‌తో గీయండి. సుద్ద గీత మందమే ఒక మిల్లీమీటరు పైన ఉంటుంది.

అదే ముక్క మీద, లోపలి వైపున, పొడవునా మధ్య గీత ఒకటి గీయండి. గసెట్ నిలబడేది దీని మీదే, రంధ్రాలు కొలిచేది కూడా దీని నుంచే.

రంధ్రాలు వంచకముందే

పట్టీ చదునుగా ఉండగా రంధ్రాలు వేయడం సులువు. వంపుకు మరీ దగ్గరగా ఉంటే సాగి కోడిగుడ్డు ఆకారంలోకి మారతాయి గానీ, మన పై రంధ్రాలు మూల నుంచి 40 మి.మీ. దూరంలో ఉన్నాయి, ఆ భయం లేదు.

వంగాక కాలి పొడవు 200 అవుతుంది కాబట్టి పై నుంచి 40 అంటే కాలి కొస నుంచి 160 మి.మీ. అక్కడ మధ్య గీతకు ఇరువైపులా 15 మి.మీ. చొప్పున రెండు పంచ్ గుర్తులు పెట్టండి. కింది రంధ్రం కొస నుంచి 25 మి.మీ. దగ్గర, మధ్య గీత మీదే. అక్కడ గసెట్ ఉండదు. 6 మి.మీ. మరలకు ఈ మూడూ 7 మి.మీ. రంధ్రాలు.

ఆ 15 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే రేపు మరో కొలతకు మీరే మార్చుకోగలరు. గసెట్ మందం 5, రెండు పక్కలా వెల్డ్ 4 చొప్పున. మధ్య గీత నుంచి ఒక పక్కకు 6.5 మి.మీ. స్థలం పోతుంది. 10 మి.మీ. తల ఉన్న మరను బిగించే సాకెట్ బయటి వ్యాసం దాదాపు 14, అంటే సగం 7. 15లోంచి 7 తీసేస్తే 8 మిగిలింది. వెల్డ్‌కు తగలకుండా సాకెట్ తిరుగుతుంది. పట్టీ అంచు వైపు రంధ్రం కేంద్రానికి ఇంకా 10 మి.మీ. ఇనుముంది. 8 మి.మీ. మర వేయాలంటే సాకెట్ లావై వెల్డ్‌కు కొట్టుకుంటుంది. అప్పుడు 65 పట్టీ తీసుకుని రంధ్రాలను ఇంకా ఎడంగా జరపాలి.

చేయి మీద షెల్ఫ్ పలకను కింది నుంచి బిగించే రంధ్రాలు రెండు, గోడ నుంచి 140, 225 మి.మీ. దగ్గర, మధ్య గీత మీద. వీటికి 5.5 సరిపోతుంది. గసెట్ కొస పడే 95 దగ్గర మాత్రం రంధ్రం వేయకండి. పట్టీలో ఎక్కువ ఒత్తిడి పడే చోటు అదే.

డ్రిల్ చేసేటప్పుడు పట్టీని బిగించే ఉంచండి. బిట్ అవతలికి పొడుచుకొచ్చే క్షణంలో అంచును పట్టుకుని ముక్కను గిరగిరా తిప్పేస్తుంది, చేత్తో ఆపలేరు. రంధ్రం అడుగున లేచిన పదును అంచును పెద్ద బిట్‌తో చేత్తో తిప్పి తీసేయండి. లేకపోతే వాషర్ చదునుగా కూర్చోదు.

వంచడం

వైస్ దవడ అంచు పదునుగా ఉంటుంది. నేరుగా దాని మీదే వంచితే వంపు లోపల నొక్కు పడి, బయటి వైపు సన్నని పగుళ్లు రావచ్చు. ఒక మందమైన ఇనుప ముక్క అంచును గ్రైండర్‌తో 5 మి.మీ. గుండ్రంగా చేసి, దాన్ని వంచే వైపు దవడకూ పట్టీకీ మధ్య పెట్టండి. పట్టీ లోపలి వైపు, అంటే మధ్య గీత గీసిన వైపు, ఆ ముక్కకు ఆనాలి. 190 గీత ఆ గుండ్రం మొదలయ్యే చోటికి, అంటే ముక్క పై అంచుకు 5 మి.మీ. కిందికి రావాలి. కాలు కిందికి, చేయి పైకి. వైస్ స్క్రూ అడ్డమొస్తే పట్టీని పక్కకు జరిపి స్క్రూ పక్క నుంచి దించండి.

ఈ మందానికి వేడి అక్కర్లేదు. చేయి కొసను పట్టుకుని బలంగా లాగితే వంగడం మొదలవుతుంది, కానీ అలా ఒక్క లాగుడే అయితే వంపు విల్లులా పొడవుగా వస్తుంది. ఒక చేత్తో లాగుతూ, ఇంకో చేత్తో సుత్తితో వంపుకు ఒక అంగుళం పైన కొడుతూ ఉండండి. దెబ్బ ఎప్పుడూ వంపు దగ్గరే పడాలి. వంపు బయటి వైపు నల్లటి పొర చిట్లి పొలుసుల్లా రాలితే కంగారు పడక్కర్లేదు, అది మిల్ స్కేల్. దాని కింద మెరిసే ఇనుములో అడ్డంగా వెంట్రుకలాంటి గీతలు కనిపిస్తే మాత్రం ఆ ముక్క పక్కన పెట్టేయండి.

వదలగానే పట్టీ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తెరుచుకుంటుంది. అందుకని కొంచెం ఎక్కువే వంచి మూలమట్టంతో చూడండి. ఇక్కడ సరిగ్గా 90 డిగ్రీల దగ్గర ఆపకండి. మూలమట్టం కాలికి ఆనించి చూస్తే చేయి కొస 2 మి.మీ. పైకి, అంటే బయటికి తెరిచి ఉండాలి. వెల్డ్ చల్లారేటప్పుడు లోపలికి లాగుతుంది. ఆ 2 మి.మీ. దాని కోసం వదిలిన జాగా.

వైస్‌లో పట్టడం కుదరకపోతే రెండు ముక్కలుగా చేయొచ్చు: చేయి 250, కాలు 195. కాలి పై కొస బయటి అంచును 45 డిగ్రీలు కోసి, చేయిని దాని మీద కూర్చోబెట్టి, బయటి నుంచి ఆ గాడి నింపండి. పని అవుతుంది, కానీ వెల్డ్ ఎక్కువ, కాబట్టి లాగుడూ ఎక్కువ. వంచిందే మేలు.

గసెట్ సిద్ధం చేయడం

100 చదరాన్ని ఐమూలగా, సన్నని కటింగ్ డిస్క్‌తో కోయండి. వచ్చిన త్రికోణాన్ని అలాగే పెట్టకూడదు. మూడు మూలలూ కత్తిరించాలి, ఒక్కోదానికి ఒక్కో కారణం.

లంబకోణం ఉన్న మూలను రెండు అంచుల మీదా 15 మి.మీ. కొలిచి ఐమూలగా కోసేయండి. పట్టీ వంపు లోపల గుండ్రంగా ఉంది, గసెట్ మూల పదునుగా ఉంది. కోయకపోతే ఆ మూల వంపు మీదెక్కి గసెట్ రెండు పక్కలా ఎడంగా నిలబడిపోతుంది. ఆ ఎడాన్ని వెల్డ్‌తో నింపుదామని చూస్తే వేడీ లాగుడూ రెండూ పెరుగుతాయి.

మిగిలిన రెండు కొసలు సూదిలా ఉంటాయి. అలాంటి కొస మీద ఆర్క్ తాకగానే కరిగి మాయమవుతుంది, కింద పట్టీలో గుంట మిగులుతుంది. కొస ఎత్తు 8 మి.మీ. మిగిలేలా నిలువుగా కోసేయండి. కోతలన్నీ పోను గసెట్ అంచు పొడవు ఒక్కో వైపు దాదాపు 75 మి.మీ. ఉంటుంది. వాలు అంచును ఆకురాయితో ఒకసారి రుద్దండి. తర్వాత షెల్ఫ్ కింద చెయ్యి పెట్టేవాళ్ల వేళ్లు తగిలేది అక్కడే.

ఇప్పుడు పట్టీ లోపల మధ్య గీతకు ఇరువైపులా 15 మి.మీ. మేర, గసెట్ అంచుల వెంట కూడా, మిల్ స్కేల్ పోయి తెల్లగా మెరిసేదాకా గ్రైండ్ చేయండి. గీత చెరిగిపోతుంది కాబట్టి గ్రైండ్ చేశాక మళ్లీ గీయండి.

టాక్ వేయడం

గసెట్‌ను గీత మీద నిలబెట్టి చిన్న మూలమట్టం పక్కకు ఆనించండి. చేతి మీద ఉన్న గసెట్ కొస దగ్గర ఒక పక్కన టాక్ వేయగానే అది ఆ పక్కకే వాలుతుంది, మీ కళ్ల ముందే. వెల్డ్ చల్లారుతూ తన వైపు లాక్కుంటుంది మరి. వేడి మీద ఉండగానే సుత్తితో తట్టి నిలబెట్టి, రెండో టాక్ అవతలి పక్కన, కాలి మీదున్న కొస దగ్గర వేయండి. తర్వాత మిగిలిన రెండూ, ఎదురెదురుగా. నాలుగు టాకులు, ఒక్కోటి 5 మి.మీ. కంటే పొడవు వద్దు. గసెట్‌కూ పట్టీకీ మధ్య ఒక మిల్లీమీటరు లోపు సందు ఉన్నా పర్వాలేదు; చేయిని 2 మి.మీ. తెరిచి ఉంచాం కాబట్టి కొస దగ్గర కొద్దిగా సందు కనిపించడం సహజం.

ఇక్కడ ఆగి అన్నీ చూసుకోండి. గసెట్ నిటారుగా ఉందా, పై రంధ్రాలు రెండు పక్కలా సమానంగా కనిపిస్తున్నాయా, సాకెట్ రంధ్రం మీద కూర్చుని తిరుగుతోందా. టాక్‌ను గ్రైండర్‌తో నిమిషంలో తీసేయొచ్చు. పూర్తి వెల్డ్‌ను తీయాలంటే పట్టీ కూడా అరుగుతుంది.

వెల్డింగ్

2.5 రాడ్డుకు 75 నుంచి 85 ఆంపియర్ల మధ్య పెట్టుకుని, ముందు రెండు తుక్కు ముక్కలను T ఆకారంలో ఒక పక్కనే వెల్డ్ చేయండి. చల్లారాక వైస్‌లో బిగించి, నిలువు ముక్కను వెల్డ్ ఉన్న వైపుకే మడిచేలా సుత్తితో కొట్టి వెల్డ్‌ను అడుగు నుంచి తెరవండి. విరిగిన చోట ఇనుము బూడిద రంగులో గరుకుగా, రెండు ముక్కలనూ పట్టి చిరిగినట్టు ఉంటే కరెంటు సరిపోయింది. అడుగున నల్లటి స్లాగ్ గీత ఉండి, ఒక ముక్క మూల కరగకుండా కోసినప్పటిలాగే పదునుగా కనిపిస్తే కరెంటు చాలలేదు, లేదా రాడ్డు సందులోకి చూడకుండా ఒక ముక్క వైపే చూసింది. పైకి అందంగా కనిపించే వెల్డ్ కూడా ఈ పరీక్షలో ఊడిపోతుంది, అందుకే ఇది బ్రాకెట్ మీద కాకుండా తుక్కు మీద తెలుసుకోవాలి.

కళ్లకు 10వ నంబర్ గ్లాసు ఉన్న మాస్క్ పెట్టుకోండి. 4 మి.మీ. సైజు వెల్డ్ చాలు. పొడవునా నింపక్కర్లేదు, గసెట్ ఒక్కో అంచుకు ఒక్కో పక్కన కొస దగ్గర 25 మి.మీ., మూల దగ్గర 25 మి.మీ. కుట్టు వేయండి. అంటే బ్రాకెట్‌కు మొత్తం ఎనిమిది కుట్లు. లోపల వాడే షెల్ఫ్‌కు ఇది సమృద్ధి. ఆరుబయట పెట్టేదైతే మాత్రం పొడవునా వేయాల్సిందే. బలం కోసం కాదు, కుట్ల మధ్య సందులో నీరు నిలిచి తుప్పు పడుతుందని.

వరస ముఖ్యం. మొదటి కుట్టు చేతి కొస దగ్గర కుడి పక్కన. రెండోది కాలి కొస దగ్గర ఎడమ పక్కన. మూడోది చేతి కొస దగ్గర ఎడమన, నాలుగోది కాలి కొస దగ్గర కుడిన. మూల దగ్గరి నాలుగు కుట్లు ఆ తర్వాత, అదే పద్ధతిలో. ప్రతి రెండు కుట్లకూ ఆగి చల్లారనివ్వండి. ఒక పక్కనే వరసగా నాలుగూ వేస్తే గసెట్ అటు వాలడమే కాదు, పట్టీ కూడా పొడవునా మెలి తిరుగుతుంది. అలాంటి మెలిని సుత్తితో సరిచేయడం చాలా కష్టం.

కొస దగ్గరి కుట్టు ఎప్పుడూ కొస నుంచి మొదలుపెట్టి మూల వైపు ముగించండి. రాడ్డు ఎత్తేసే చోట చిన్న గుంట మిగులుతుంది, పగులు మొదలయ్యేది అలాంటి గుంట దగ్గరే. ఎక్కువ ఒత్తిడి పడే కొస మీద అది ఉండకూడదు. ముగించేటప్పుడు కూడా ఒక్కసారిగా రాడ్డు లాగేయకుండా, ఒక క్షణం ఆగి, గుంట నిండాక ఎత్తండి. పై రంధ్రాల పక్కన కుట్టు 4 కంటే బాగా లావెక్కితే సాకెట్ దానికి కొట్టుకుంటుంది, అక్కడ చెయ్యి అదుపులో ఉంచండి.

చల్లారాక

నీళ్లలో ముంచకండి, దానంతట అదే చల్లారనివ్వండి. స్లాగ్ కొట్టేసి వైర్ బ్రష్‌తో రుద్దండి. వెల్డ్ పక్కన పట్టీలో సన్నని గాడి పడిందేమో వేలి గోరుతో తడిమి చూడండి. గోరు ఇరుక్కుంటే అది అండర్‌కట్. కరెంటు ఎక్కువైనా, రాడ్డు మరీ దూరంగా పట్టుకున్నా వస్తుంది. అది గసెట్ కొస దగ్గర, చేయికి అడ్డంగా ఉంటే చిన్న కుట్టుతో నింపాలి. పొడవు వెంట అర మిల్లీమీటరు ఉంటే వదిలేయొచ్చు.

తర్వాత మూలమట్టం. అన్నీ కుదిరితే 2 మి.మీ. తెరుపు మూసుకుపోయి 90 దగ్గరికి వస్తుంది. మొదటి బ్రాకెట్‌లో ఎంత మూసుకుందో కొలిచి, రెండోదానికి తెరుపును ఆ మేరకు మార్చుకోండి. మీ కరెంటుకూ మీ చేతి వేగానికీ తగిన అంకె అదే. చేయి కొస ఇంకా ఒక మిల్లీమీటరు పైకి ఉంటే అలాగే ఉంచండి, బరువు పడ్డాక సరిపోతుంది. కిందికి వాలి ఉంటే కాలిని వైస్‌లో పట్టి, గసెట్ దాటిన భాగాన్ని పైకి వంచి సరిచేయండి.

చేయి పై ముఖం మీద మూలమట్టం అడ్డంగా పెట్టి వెలుతురుకు చూస్తే మధ్యలో కాస్త ఉబ్బి, అంచులు కిందికి దిగి కనిపించొచ్చు. కింద ఇరుపక్కలా వేసిన వెల్డ్ పట్టీ అంచులను గసెట్ వైపు లాగిన గుర్తు అది. షెల్ఫ్ పలక ఊగేంతగా ఉంటే పైనుంచి ఆకురాయితో చదును చేయండి. కాలి వెనక కూడా ఒకసారి చూడండి, గోడకు ఆనేది ఆ ముఖమే.

రంగుకు ముందు వెల్డ్ మూలల్లో మిగిలిన స్లాగ్ ముక్కలను సూదిగా ఉన్న పంచ్‌తో పొడిచి తీయండి. స్లాగ్ మీద వేసిన రంగు స్లాగ్‌తోపాటే రాలిపోయి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. ప్రైమర్‌ను సన్నని బ్రష్‌తో కుట్ల మధ్య సందుల్లోకి ముందు ఎక్కించి, తర్వాత మిగతా భాగం వేయండి.

బిగించేటప్పుడు కనీసం 100 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ఉన్న సాకెట్ వాడండి. డ్రిల్ మెషిన్ తల చేయి కింద, గసెట్ పక్కన నేరుగా పట్టదు. వంకరగా పెట్టి బిగిస్తే మర కూడా వంకరగానే వెళ్తుంది. గోడకు ప్లాస్టర్ ఉంటే ప్లగ్ దాన్ని దాటి ఇటుకలోనో కాంక్రీటులోనో పూర్తిగా కూర్చోవాలి. పై మరలు రెండూ కలిసి మోయాల్సిన ఆ 390 న్యూటన్ల లాగుడును ఆపేది ప్లాస్టర్ కాదు, దాని వెనక ఉన్న గోడే.